కరెంటు ఆపే రోజు: సత్రంలో దిగిన అతిథులకు నోటీసు ఎలా రాయాలి

పెళ్ళికో, తిథికో ఊరి నుంచి వచ్చిన బంధువులను మన సంఘాల సత్రాల్లో దింపడం మామూలే. ఆ రోజుల్లోనే సబ్‌స్టేషన్ మరమ్మతని ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు కరెంటు ఆపుతారు. తమిళనాడులో ఈ నెలవారీ మరమ్మతు గురించి ఒకటి రెండు రోజుల ముందు పేపర్లో వస్తుంది. చెన్నైలో సాధారణంగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఆపుతారు. జిల్లాల్లో సాయంత్రం దాకా సాగడం కూడా ఉంది. అతిథులకు ముందే చెప్పాలని అందరం అనుకుంటాం. కానీ "రేపు కరెంటు ఉండదు, సహకరించగలరు" అని ఒక కాగితం అంటిస్తే సరిపోదు.

నోటీసు రాసే ముందు కనుక్కోవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆపేది మన లైనేనా అన్నది. పేపర్లో సబ్‌స్టేషన్ పేరు, దాని కింద వీధుల పేర్లు ఇస్తారు. ఒకే పేటలో ఒక వీధికి ఒక లైను నుంచి, పక్క వీధికి మరో లైను నుంచి కరెంటు రావచ్చు. బిల్లు మీదున్న సర్వీసు నంబరు చెప్పి సెక్షన్ ఆఫీసులో అడిగితే తేలిపోతుంది. రెండోది, కరెంటుతో పాటు సత్రంలో ఇంకేమేం ఆగిపోతాయి అన్నది. అతిథికి అసలు కావలసింది ఈ రెండోదే.

కరెంటు పోతే మోటారు ఆగుతుంది కాబట్టి నీళ్ళ సంగతీ దానితోనే ముడిపడి ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. సత్రంలో 30 మంది ఉన్నారు, మేడ మీది ట్యాంకు 3,000 లీటర్లు పడుతుంది అనుకుందాం. పొద్దున స్నానానికి రెండు బకెట్లు, దొడ్డికీ ముఖం కడుక్కోవడానికీ మరో బకెట్టు వేసుకుంటే మనిషికి దాదాపు 60 లీటర్లు. అంటే 30 మందికి 1,800 లీటర్లు. తెల్లవారుజామున ట్యాంకు నింపి వదిలేస్తే, కరెంటు పోయే 9 గంటలకు మిగిలేది 1,200 లీటర్లే. మధ్యాహ్నం భోజనాల ఎంగిలి ఆకులు, గిన్నెలు, చేతుల కడుగుళ్ళు అన్నీ దానితోనే గడవాలి. మోటారు గంటకు 2,000 లీటర్లు ఎక్కించేదైతే, 7:45కు వేసి 8:45కు ఆపితే ట్యాంకు నిండుగా ఉంటుంది. మన మోటారు ఎంత ఎక్కిస్తుందో ముందురోజు గడియారం పెట్టి చూసుకోవడం మంచిది. స్నానాలు 8:30 లోపు కావాలని అతిథులను అడిగేది ఈ లెక్క వల్లే. కారణం కూడా రాస్తే ఎవరూ విసుక్కోరు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొత్తగా కట్టిన సత్రాల్లో పై అంతస్తుకు నీళ్ళు బలంగా రావాలని మేడ మీద ప్రెషర్ పంపు పెడతారు. ట్యాంకు నిండుగా ఉన్నా, ఆ పంపు ఆగితే పై గదుల షవర్‌లో నీళ్ళు సన్నగా వస్తాయి, లేదా అసలు రావు. ఆ గదులకు 9 లోపు బకెట్లు నింపి పెట్టాలి. నీళ్ళు వడపోసే మిషనూ కరెంటు మీదే నడుస్తుంది. కనుక తాగడానికి 20 లీటర్ల క్యాన్లు మూడు తెప్పించుకుంటే 30 మందికి ఆ ఐదు గంటలూ ఇబ్బంది ఉండదు. వంటవాళ్ళకు గ్రైండరు పని ముందే ముగించమని చెప్పడం నోటీసులో రాయక్కర్లేదు గానీ, మరిచిపోతే మాత్రం చట్నీ ఉండదు.

ఇవన్నీ తేల్చుకున్నాక నోటీసు ఇలా ఉంటే చాలు:

"విచ్చేసిన బంధువులకు, అతిథులకు నమస్కారం. సబ్‌స్టేషన్ మరమ్మతు కారణంగా ఫలానా తేదీ, గురువారం ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు మన వీధిలో కరెంటు ఉండదు.

లిఫ్టు 8:50కి ఆపేస్తాము. మెట్లు ఎక్కలేని పెద్దవారు ముందే చెబితే కింద గదిలో కూర్చునే ఏర్పాటు చేస్తాము. ఏసీలు, గీజర్లు పనిచేయవు. ఇన్వర్టరు మీద గదికి ఒక లైటు, ఒక ఫ్యాను నడుస్తాయి. దయచేసి వేరే ఏవీ వాడకండి.

ట్యాంకు నింపుకోవాలి కాబట్టి స్నానాలు 8:30 లోపు ముగించండి. ఆ తరువాత కూడా కుళాయిల్లో నీళ్ళు వస్తాయి, కానీ పొదుపుగా వాడండి. రెండో అంతస్తు గదుల్లో బకెట్లు నింపి ఉంచుతాము. తాగే నీళ్ళు కింద హాల్లో ఉంటాయి. వాడకం అయ్యాక కుళాయి కట్టేయండి.

ఇన్సులిన్ వంటి మందులు చల్లగా ఉంచవలసినవారు, కరెంటుతో నడిచే వైద్య పరికరం వాడేవారు ఈ రాత్రే ఆఫీసు గదిలో చెప్పండి.

2 గంటలకు కరెంటు రాకపోతే 2:15కి మళ్ళీ తెలియజేస్తాము. మా ఇంట దిగిన మీకు ఈ ఎండలో ఇబ్బంది కలుగుతున్నందుకు మన్నించండి."

ఇందులో "రేపు" అన్న మాట లేదు. ముందురోజు అంటించిన కాగితం మర్నాడూ గోడ మీదే ఉంటుంది. రాత్రి 12 దాటాక బస్సు దిగి వచ్చినవారికి అది ఏ రేపో తెలియదు. తేదీ, వారం రెండూ రాయాలి. "9 నుంచి 2" అని వదలకుండా ఉదయం, మధ్యాహ్నం అని రాయడమూ ఇందుకే. కరెంటు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు కనుక ఆ మాట ఇవ్వకూడదు. మళ్ళీ ఎప్పుడు చెబుతామో మాత్రం మన చేతిలోనే ఉంది. పని ముందే ముగిస్తే కరెంటు ముందే వస్తుంది. అందుకని 2 దాకా రాదనుకుని వైర్ల పని పెట్టుకోకూడదు.

క్షమాపణ ఒక్క వాక్యం చాలు. కొందరు విద్యుత్ బోర్డు మీద నాలుగు మాటలు కలుపుతారు. అతిథికి దానితో పని లేదు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నది బస్టాండు బోర్డులా ఉంటుంది. మన ఇంటికి వచ్చిన మేనత్తకు అలా చెప్పం కదా.

భాష సంగతి మన దగ్గర ప్రత్యేకం. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలకు తమిళం చదవడం రాదు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకే ఒకే కాగితం మీద తెలుగు, తమిళం పక్కపక్కన ఉండాలి. అంకెలు రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. లిఫ్టు తలుపు మీద, మెట్ల దగ్గర, ప్రతి గది తలుపు లోపలి వైపు ముందురోజు సాయంత్రమే అంటించాలి. తాళం చెవి ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు గోడ మీది కాగితం కన్నా మనిషి మాటే వింటారు.

బెంగళూరులో ఆపేది కరెంటు కాక కావేరి నీళ్ళయితే రాత మారుతుంది. అక్కడ పంపింగ్ మళ్ళీ మొదలైన గంటకు, మన వీధికి నీళ్ళు చేరే గంటకు చాలా తేడా ఉంటుంది. ఎత్తు మీది పేటలకు ఇంకా ఆలస్యం. కనుక ప్రకటించిన ముగింపు సమయాన్ని యథాతథంగా నోటీసులో ఎక్కించకుండా, మన సంపుకు నీళ్ళు వచ్చే వేళను కలిపి రాయాలి. మొదట వచ్చే నీళ్ళు ఎర్రగా, బురదగా ఉండవచ్చు కాబట్టి, తేటపడేదాకా వాటిని సంపులోకి వదలకుండా బయటికి పోనివ్వాలి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది తెరిచి వదిలేసిన కుళాయి. నీళ్ళు రాలేదని తిప్పి, అలాగే వదిలి అతిథి పెళ్ళికి వెళ్ళిపోతారు. నీళ్ళు రాగానే గది తడుస్తుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. నీళ్ళు వచ్చే వేళకు ఒక మనిషి గదులన్నీ ఒకసారి చుట్టి రావాలి.