పెట్రోలు పంపుసెట్టు: సక్షన్ లోపం

సక్షన్ లోపం అంటే, ఇంజను తిరుగుతున్నా పంపు సక్షన్ పైపులోని గాలిని తోడివేయలేక నీటిని ఎక్కించలేకపోవడం.

పంపు నీటిని నేరుగా లాగదు. లోపల పీడనం తగ్గితే బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం వద్ద ఈ ఎత్తుకు సిద్ధాంతపరమైన హద్దు సుమారు 10.3 మీటర్లు, ఆచరణలో 7 నుంచి 8 మీటర్లు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు హద్దు దాదాపు 0.35 మీటర్లు తగ్గుతుంది. అందువల్ల అల్లూరి సీతారామరాజు జిల్లాలోని సీలేరు వంటి కొండ ప్రాంతాల్లో పంపును గెడ్డ నీటిమట్టానికి వీలైనంత దగ్గరగా ఉంచాలి.

లోపాన్ని గుర్తించడానికి ఇంజను ఆపి, పైపును, పంపును నీటితో నింపుతారు. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు గల పైపుకు సుమారు 12 లీటర్లు పడతాయి. పైపు బయట తడి లేకుండా మట్టం దిగిపోతే ఫుట్‌వాల్వ్ మూసుకోవడం లేదు. ఇసుక, ఆకులు ఇరుక్కోవడం లేదా వాషర్ అరగడం కారణం. మట్టం నిలిచినా పంపు ఎక్కకపోతే గాలి పైభాగం నుంచి చొరబడుతోంది. పంపు నడిచేటప్పుడు సక్షన్ వైపు పగులు నీరు కార్చదు, గాలి పీలుస్తుంది. క్లాంపుల వద్ద గ్రీజు పూసినప్పుడు పంపు ఎక్కితే లోపం అక్కడే. లేకుంటే షాఫ్ట్ సీలును పరీక్షిస్తారు. నీరు లేకుండా నడిపితే ఈ సీలు వేడెక్కి త్వరగా పాడవుతుంది.