భారతాంధ్రీకరణమునఁ బర్వానుక్రమణిక

దీర్ఘగ్రంథము ననువదించువాఁడు మూలమును సాంతముగాఁ జదివి, విభాగించుకొని, పిదప రచనకుఁ బూనుకొనవలెను. ఈ క్రమము నన్నయభట్టు భారతమున స్పష్టముగాఁ గానవచ్చుచున్నది. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై, నారాయణభట్టు తోడ్పాటుతో నాతఁడీ రచనకుఁ గడంగెను. ఆదిపర్వ ప్రథమాశ్వాసముననే 18 పర్వములను, 100 ఉపపర్వములను బేర్కొనెను. తాను వ్రాయని భాగముల పేళ్లును నందుండుటచే, మూలమంతయు నాతని యెఱుకలో నుండెనని తెలియుచున్నది.

పర్వోపపర్వములు మూలవిభాగములు; ఆశ్వాసము లనువాదకుఁడు తన రచన కేర్పఱచుకొన్నవి. ఆదిపర్వమునకు 8, సభాపర్వమునకు 2 ఆశ్వాసము లయ్యెను. అరణ్యపర్వ చతుర్థాశ్వాసమున రచన నిలిచిపోయెను.

13వ శతాబ్దమునఁ దిక్కన విరాటపర్వము మొదలుగాఁ గల 15 పర్వములను రచించెను. విరాటపర్వ మజ్ఞాతవాసముతోఁ గ్రొత్తగా నారంభమగుటచే, వెనుకటి కొఱంత యాతని కడ్డు కాలేదు. పర్వవిభాగము వలని ప్రయోజన మిదియే.

పర్వము నడుమఁ దెగిన కథ నతుకుట యట్లు సులభము కాదు. 14వ శతాబ్దమున నెఱ్ఱన యరణ్యపర్వశేషమును బూరించుచు, నన్నయ శరద్రాత్రి వర్ణనముతో నాపినచోట శరద్వర్ణనమునే కొనసాగించెను. కృతిని రాజరాజనరేంద్రునకే యంకిత మొనర్చెను.

అయినను విభాగక్రమము సంగ్రహవిస్తరములను నిర్ణయింపదు. తిక్కన భీష్మపర్వమున భగవద్గీతను మిక్కిలి సంక్షేపించెను. ఏ భాగ మెచ్చట నుండునో యనుక్రమణిక తెలుపును. దాని నెంత చెప్పవలయునో నిర్ణయించువాఁడు కవియే.