జిల్లా అథ్లెటిక్స్ మీట్‌కు ముందు సాధన తగ్గింపు (కోనసీమ పాఠశాలలు)

పోటీకి ముందు కొద్ది రోజులు సాధన దూరాన్ని క్రమంగా తగ్గించి, వేగాన్ని మాత్రం అలాగే నిలిపి, పోటీ రోజుకు ఒంట్లో అలసట లేకుండా చూసే పద్ధతిని టేపరింగ్ అంటారు.  రాజోలు, కొత్తపేట వైపు పిల్లలకు పాఠశాల క్రీడల్లో మండల స్థాయి దాటి పైకి వెళ్లే దారి జిల్లా ఎంపికలే. మండల పోటీలు ముగిసిన కొద్ది రోజులకే ఇవి ఉంటాయి కాబట్టి, ఆ మధ్య రోజుల్లో పీఈటీ చేయించే పనికి చాలా విలువ ఉంది.

సాధన ఒకేసారి రెండు పనులు చేస్తుంది: సత్తువ పెంచుతుంది, అలసట పోగేస్తుంది. ఎరిక్ బానిస్టర్ 1970లలో ప్రతిపాదించిన నమూనా ప్రకారం సాధన తగ్గించినప్పుడు అలసట త్వరగా దిగిపోతుంది, సత్తువ మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. ఆ తేడా ఎక్కువగా ఉన్న రోజున పరుగు బాగుంటుంది. ఈలోగా కండరాల్లోని సూక్ష్మ గాయాలు మానుతాయి, వాడుకున్న గ్లైకోజన్ మళ్లీ నిండుతుంది.

ఎంత తగ్గించాలన్న ప్రశ్నకు 2007లో లారెంట్ బోస్కే బృందం అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి జవాబు చెప్పింది. సుమారు రెండు వారాలపాటు మొత్తం దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, వేగాన్నీ సాధన రోజుల సంఖ్యనూ మార్చనివారికి ఎక్కువ మేలు జరిగింది. అయితే ఆ క్రీడాకారులు ఏళ్ల తరబడి గట్టిగా శిక్షణ పొందినవారు. వారానికి అయిదు రోజులు, గంటేసి పరుగెత్తే హైస్కూలు పిల్లలకు అంత అలసట పేరుకోదు. వారికి ఏడు నుంచి పది రోజులు చాలు. మీట్ ప్రకటన వచ్చాకే మైదానంలోకి దిగిన పిల్లలకు తగ్గించాల్సిన అలసటే ఉండదు. వారికి చివరి రెండు రోజుల విశ్రాంతి సరిపోతుంది.

ఉదాహరణకు రాజోలు ప్రాంతంలో పదో తరగతి చదివే 800 మీటర్ల అమ్మాయిని ఊహించుకుందాం. లక్ష్యం 2 నిమిషాల 40 సెకన్లు, అంటే ప్రతి 200 మీటర్లకు 40 సెకన్లు. మామూలు వారంలో సోమ, బుధ, గురువారాల్లో 4 కిలోమీటర్ల చొప్పున తేలిక పరుగు, మంగళవారం ఆరు 400లు, శుక్రవారం ఎనిమిది 200లు చేస్తుంది. వార్మప్‌తో కలిపి సుమారు 20 కిలోమీటర్లు. మీట్ శనివారమైతే, దానికి 11 రోజుల ముందు వచ్చే మంగళవారమే చివరి పెద్ద వర్కవుట్. ఆ తర్వాత తేలిక పరుగులు 3 కిలోమీటర్లకు, శుక్రవారపు 200లు అయిదుకు దిగుతాయి.

మీట్ వారంలో సోమవారం 3 కిలోమీటర్లు తేలికగా. మంగళవారం నాలుగే 200లు, ఒక్కొక్కటీ 40 సెకన్లలో, మధ్యలో మూడు నిమిషాల నడక. బుధవారం 2 కిలోమీటర్లు. గురువారం వార్మప్ తర్వాత రెండు 150లు. శుక్రవారం ఒక కిలోమీటరు జాగింగ్, రెండు మూడు స్ట్రైడ్లు. మొత్తం దూరం సగానికి వచ్చింది. సాధన రోజులు, 40 సెకన్ల వేగం మారలేదు. వేగాన్ని కూడా వదిలేసి వారమంతా నెమ్మదిగా జాగింగ్ చేయిస్తే పోటీ రోజున కాళ్లు మొద్దుగా ఉంటాయి. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే.

సైకిలు లెక్క మరచిపోకూడదు. లంక గ్రామాల నుంచి రోజూ బడికి తొక్కుకుంటూ వచ్చే పిల్లలకు అది కూడా కాళ్ల మీద భారమే. వీలైతే ఆ వారం బస్సులోనో ఆటోలోనో రావడం మంచిది. మైదానం వానకు బురదైతే 200లను గట్టి అంచున గానీ, వాహనాలు తిరగని సిమెంటు రోడ్డు మీద గానీ స్ట్రైడ్లుగా మార్చుకోవచ్చు. రద్దయిన వర్కవుట్‌ను మరుసటి రోజు కలిపి చేయించడం మాత్రం తప్పు.

మండల మీట్‌లో 400, 800, రిలే మూడూ పరుగెత్తిన పిల్లకు ఆ రోజే ఒక పెద్ద వర్కవుట్. రెండు మీట్ల మధ్య వారమే ఉంటే కొత్తగా కష్టమైన పని పెట్టక, మొదటి రెండు రోజులు తేలిక పరుగుతో సరిపెట్టి నేరుగా మీట్ వారపు ప్రణాళికలోకి వెళ్లాలి. స్ప్రింటర్లకు అయిదు నుంచి ఏడు రోజులు చాలు. జంపర్లు పూర్తి రనప్‌తో దూకే సంఖ్యను తగ్గిస్తారు.

సరిగ్గా సాగుతోందో లేదో మంగళవారపు 200లే చెబుతాయి. అదే 40 సెకన్లు గత వారం కన్నా సులువుగా వస్తే, రొప్పు త్వరగా తగ్గితే దారి సరైనదే. నిద్రలేవగానే లెక్కించిన నాడి మామూలు కన్నా ఎక్కువగా ఉండి, కాళ్ల నొప్పులు తగ్గకపోతే సాధన ఇంకా తగ్గించాలి, లేదా జ్వరమేమైనా వస్తోందేమో చూడాలి. మధ్యలో ఒకటి రెండు రోజులు ఒళ్లు బరువుగా అనిపించడం మామూలే. అప్పుడు కంగారుపడి గురువారం పూర్తి 800 టైమ్ ట్రయల్ పెడితే, శనివారం వాడాల్సిన బలం గురువారమే ఖర్చవుతుంది.