ఆ బొమ్మ నిజంగా ఏం చెబుతోంది?

స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో లండన్‌లో ఒక వాణిజ్య పటాల పుస్తకం అచ్చు వేయించాడు. అందులో పటాలు దాదాపు అన్నీ ఏళ్ల తరబడి సాగే గీతలే. స్కాట్లండ్ దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చిపడింది. 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ దాకా, ఒక్క ఏడాది లెక్కలే చేతిలో ఉన్నాయి. గీత గీయాలంటే కనీసం రెండేళ్లు కావాలి కదా! అందుకని పదిహేడు ప్రాంతాలకూ జంట పట్టీలు గీశాడు, దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి. ఇవాళ మనం బార్ చార్ట్ అంటున్నది అలా లెక్కల కొరతలోంచి పుట్టింది. కాలం కనిపించని ఈ పటం మిగతావాటంత పనికిరాదని ప్లేఫేర్ స్వయంగా రాసుకున్నాడు.

ఆ పటాన్నే నేటి పరీక్షలో ఇచ్చారనుకుందాం. అందులో అన్నిటికన్నా పొడవైన పట్టీ ఐర్లండ్‌ది. ‘ఐర్లండ్‌తో వ్యాపారం ఏటేటా పెరిగింది’ అన్న వాక్యం నమ్మబుద్ధేస్తుంది గానీ, ఒక్క ఏడాది పటంలో పెరుగుదల ఎక్కడిది? ‘దగ్గర కాబట్టి ఐర్లండ్‌తో వ్యాపారం ఎక్కువ’ అన్నది నిజమే కావచ్చు, కానీ దూరాలు పటంలో లేవు. ‘ఐర్లండ్ నుంచి కొన్నదానికన్నా అక్కడ అమ్మిందే ఎక్కువ’ అన్న వాక్యం మాత్రం నిలుస్తుంది. రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఈ తరహా ప్రశ్న పరీక్షల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. బార్ చార్ట్ ఇచ్చినా మొదట్లో అడిగింది లెక్కే: మొత్తమెంత, సగటెంత, ఎంత శాతం. మన బ్యాంకు పరీక్షల డీఐ ఇప్పటికీ చాలావరకు ఆ దారిలోనే ఉంది. 2011లో సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ వచ్చినప్పుడు కూడా పట్టికలు, గ్రాఫులు పదో తరగతి స్థాయిలో ఉంటాయని సిలబస్‌లోనే చెప్పారు. లెక్క కట్టడం వచ్చినవాడికి బొమ్మ చదవడమూ వచ్చినట్టేనని అనుకునేవారు. అది తప్పని చూపిన ప్రశ్న ఒకటుంది.

పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా విడుదల చేసిన ప్రశ్నల్లో దోపిడీల గ్రాఫు పేరుమోసింది. రెండే రెండు పట్టీలు, 1998, 1999. ఒకటి సుమారు 508 దగ్గర, మరొకటి సుమారు 516 దగ్గర ఆగుతాయి. దోపిడీలు విపరీతంగా పెరిగాయని ఈ గ్రాఫు చూపుతోందని ఒక టీవీ విలేఖరి అంటాడు. ఆ మాట సబబేనా, ఎందుకు అన్నది ప్రశ్న. మెలిక నిలువు గీతలో ఉంది. అది సున్నా నుంచి మొదలవదు.  అందుకే రెండో పట్టీ మొదటిదానికన్నా చాలా పెద్దదన్నట్టు తోస్తుంది. అసలు పెరిగింది 8 దోపిడీలు, అంటే రెండు శాతం కూడా లేదు. వట్టి ‘కాదు’ అంటే మార్కు రాదు. గ్రాఫులో కొంత భాగమే చూపారనో, పెరిగిన శాతం తక్కువనో కారణం రాయాలి. ముందటి ఏళ్ల లెక్కలు లేకుండా చెప్పలేమన్న జవాబుకు కూడా మార్కులిచ్చారు. ప్లేఫేర్‌ను ఇబ్బంది పెట్టిన లోటే ఇక్కడ సరైన జవాబు కావడం తమాషా.

అమెరికా కాలేజీ ప్రవేశపరీక్ష శాట్ ఇంకో మెట్టెక్కింది. 2016లో మార్చిన పరీక్షలో గ్రాఫులు రీడింగ్ భాగంలోకి వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్ మీద రాసే పరీక్షలో ఒక చిన్న పేరా, పక్కనే పట్టిక, కింద నాలుగు వాక్యాలు ఉంటాయి. పేరాలోని వాదనకు పట్టిక నుంచి బలమిచ్చే వాక్యాన్ని ఎంచుకోవాలి. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లాలనుకునే తెలుగు పిల్లలు, లెక్కల్లో ఆరితేరినవాళ్లు సైతం, తడబడగల చోటు ఇదే. ఇక్కడ పట్టికకు విరుద్ధమైన వాక్యాన్ని ఏరేస్తే సరిపోదు. పట్టికకు సరిపోతూనే వాదనకు అక్కరకు రాని వాక్యాలూ ఉంటాయి.

ఊహించిన అంకెలతో ఒకటి చూద్దాం. డ్రిప్ పెడితే దిగుబడి తగ్గకుండానే నీరు ఆదా అవుతుందని పేరా వాదన. పట్టికలో కాలువ పారించిన వేరుశనగ మడికి నీరు 100 పాళ్లు, దిగుబడి ఎకరాకు 8 క్వింటాళ్లు. స్ప్రింక్లర్ మడికి 80, 7. డ్రిప్ మడికి 65, 8. మొదటి వాక్యం: ‘డ్రిప్ మడికి అన్నిటికన్నా తక్కువ నీరు పట్టింది.’ నిజమే, కానీ దిగుబడి ఊసు లేదు. రెండోది: ‘స్ప్రింక్లర్ మడిలో దిగుబడి అన్నిటికన్నా తక్కువ.’ అదీ నిజమే, వాదన స్ప్రింక్లర్ గురించి కాదు. మూడోది: ‘డ్రిప్ మడిలో కాలువ మడికన్నా ఎక్కువ పండింది.’ వాదనకు ఊతమిచ్చేలా ఉంది, రెండు గడుల్లోనూ 8 ఉండటంతో పడిపోతుంది. నాలుగోది: ‘డ్రిప్ మడి కాలువ మడికన్నా 35 పాళ్లు తక్కువ నీటితో అంతే దిగుబడి ఇచ్చింది.’

తొందరపడ్డవాడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు. నాలుగోదాని దాకా వెళ్లాలంటే పట్టిక కన్నా ముందు పేరా చదివి, ‘దిగుబడి తగ్గకుండానే’ అన్న రెండు మాటల కింద గీత గీసుకోవాలి.