కాంట్రాక్టు ఒప్పందం సారాంశం

నిర్మాణ ఒప్పందంలోని గడువులు, అదనపు పనుల నియమాలు, ఆలస్య పరిహారం, రిటెన్షన్ సొమ్ములను సైటు కాంట్రాక్టరు కోసం ఒక పేజీలో రాసిపెట్టే పత్రం.

ముందుగా ఒప్పందం ఏ తరహాదో రాయాలి. నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలున్న పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు పనులను ఈపీసీ పద్ధతిలో అప్పగించారు. ఈ పద్ధతిలో పరిమాణాలు పెరిగితే ఆ భారం సాధారణంగా కాంట్రాక్టరుదే. కొలతల ప్రకారం చెల్లించే ఒప్పందంలో, పునాదిలో అనుకోని రాయి తగిలితే అదనపు సొమ్ము అడగవచ్చు. అయితే తవ్వకముందే ఇంజనీరు నుంచి రాతపూర్వక ఉత్తర్వు తీసుకోవాలి. రాయి తీసేశాక కొలత నిరూపించడం కష్టం.

ఉదాహరణకు మార్కాపురంలో 2 కోట్ల రూపాయల భవనం, గడువు 12 నెలలు అనుకుందాం. ఆరో నెలకు 40 శాతం, అంటే 80 లక్షల పని పూర్తవ్వాలి. ఆలస్య పరిహారం రోజుకు 0.05 శాతమైతే 10 వేలు. 30 రోజులకు 3 లక్షలు. ప్రతి బిల్లులో 7.5 శాతం రిటెన్షన్ అయితే 20 లక్షల బిల్లుకు లక్షన్నర ఆగుతుంది. అది లోపాల బాధ్యత కాలం ముగిశాక తిరిగొస్తుంది కాబట్టి ఆ తేదీనీ రాసుకోవాలి.

స్థలం అప్పగించడంలో యజమానే ఆలస్యం చేస్తే గడువు పొడిగింపు ఒక్కటే అడిగితే చాలదు. 1872 భారత కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఆలస్యాన్ని అంగీకరించేటప్పుడే నష్టపరిహారం కోరతానని నోటీసు ఇవ్వాలి. లేకుంటే తర్వాత అడిగే హక్కు పోతుంది.