నోటుస్వరాలూ, శంకరాభరణమూ

ముత్తుస్వామి దీక్షితులు యౌవనంలో మద్రాసు పక్కనున్న మణలిలో ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నోటుస్వరాలు. బ్రిటిష్ జాతీయగీతం బాణీలో నడిచే ‘సంతతం పాహి మాం’ వాటిలో ఒకటి. దీని రాగం శంకరాభరణమని పుస్తకాలు చెబుతాయి. దీక్షితుల ‘అక్షయలింగ విభో’ కూడా శంకరాభరణమే. కానీ రెండూ వరుసగా విన్నవారికి ఇవి ఒకే రాగమంటే నమ్మబుద్ధి కాదు.

పియానో మీద ‘సి’ నుంచి వరుసగా తెల్ల మెట్లు నొక్కితే వచ్చేది మేజర్ స్కేల్. శంకరాభరణం స్వరస్థానాలు కూడా దాదాపు అవే. అందుకే ఆ బాణీలకు ఈ పేరు అతికింది. అయితే పాశ్చాత్య సంగీతంలో స్కేల్ ముడిసరుకు మాత్రమే. దానితో స్వరకర్త ఏ బాణీ అయినా కట్టవచ్చు. రచన మధ్యలో ఆధారస్వరాన్ని మార్చి మరో స్కేల్‌లోకి వెళ్ళనూ వచ్చు. రాగంలో షడ్జం కదలదు. తంబుర దాన్ని చివరిదాకా వినిపిస్తూనే ఉంటుంది. మిగిలిన స్వరాలు ఎలా పలకాలో, ఏ వరుసలో కలవాలో, ఎక్కడ నిలవాలో రాగమే చెబుతుంది. శంకరాభరణ గాయకుడు చాలా సంచారాల్లో మధ్యమాన్ని ఒకేచోట నిలపడు. పక్క స్వరాలను తాకిస్తూ ఊపుతాడు. ఈ ఊపే గమకం. నోటుస్వరంలో అదే మధ్యమం కదలకుండా నిలుస్తుంది.

స్వరాల వరుసను పూర్తిగా చెప్పినా రాగం తేలకపోవచ్చు. ఆరభి, దేవగాంధారి రాగాలు రెండింటికీ ఆరోహణ స రి మ ప ద స. అవరోహణ స ని ద ప మ గ రి స. స్కేల్ లెక్కన ఇవి ఒక్కటే. కానీ త్యాగరాజ పంచరత్నాలలోని ‘సాధించెనే’ ఆరభిలో చురుకుగా సాగుతుంది. గాంధార నిషాదాల మీద స్వరం ఎక్కువసేపు ఆగదు. ఆయనదే ‘క్షీరసాగర శయన’ దేవగాంధారిలో నిదానంగా, దీర్ఘమైన గమకాలతో ఊగుతుంది. దేవగాంధారి పాడేవారు తొందరపడి ఆ ఊపును కత్తిరిస్తే, వినేవారికి ఆరభి తోస్తుంది. ఒక్క అపస్వరమైనా పలకకుండానే రాగం తప్పుతుంది.

ఈ తేడాను కాగితం మీద నిలపడం కష్టం. 1893లో చిన్నస్వామి ముదలియార్ కర్ణాటక సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేశారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో ప్రకటించినప్పుడు, స్వరాక్షరాలకు తోడుగా ఒక్కొక్క గమకానికీ ప్రత్యేకమైన గుర్తు వాడవలసివచ్చింది. ఆ గుర్తులు చూసి పాడేవారికి కూడా, అదివరకే ఆ రాగం చెవిలో ఉంటే తప్ప అవి పూర్తిగా పలకవు.