అరబ్బీ బహువచనం: ఇన్ని మూసలు ఎక్కడివి?

తెలుగులో చివర 'లు' చేరిస్తే చాలావరకు బహువచనం సిద్ధం. అరబ్బీలోనూ అలాంటి ప్రత్యయాలున్నాయి: ముదర్రిస్ (ఉపాధ్యాయుడు) పక్కన 'ఊన్' చేరి ముదర్రిసూన్ అవుతుంది. కానీ రోజూ నోట్లో నలిగే మాటలు చాలా ఈ దారికి రావు. కితాబ్ కుతుబ్ అవుతుంది, కలమ్ అక్లామ్, వజీర్ వుజరా. హల్లుల వరస చెదరదు, వాటి చుట్టూ స్వరాలు మారిపోతాయి. వ్యాకర్తలు దీన్ని జమ్ తక్సీర్ అన్నారు. ఏకవచనాన్ని విరగ్గొట్టి కట్టిన బహువచనమని అర్థం. ఇవి మనకు బొత్తిగా కొత్త కాదు. ఉమ్రావు నిజానికి అమీర్‌కు బహువచనమైన ఉమరాయే. మనం దానికి మళ్ళీ 'లు' తగిలించి ఉమ్రావులు అనుకున్నాం.

ఒక్క సూత్రం ఎందుకు లేదంటే, ఇవన్నీ ఒక్క చోట పుట్టలేదు. వీటిలో చాలావాటికి మూలం సమూహాన్ని చెప్పే ఏకవచన నామాలని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. ఆ జాడ ఇప్పటికీ ఉంది: మనుషులు కాని వాటి బహువచనానికి అరబ్బీలో విశేషణం స్త్రీలింగ ఏకవచనంలోనే వస్తుంది. ఇథియోపియాలోని గీజ్‌లోనూ, ప్రాచీన దక్షిణ అరేబియా భాషల్లోనూ ఇలాంటి బహువచనాలు కనిపిస్తాయి కాబట్టి ఈ పద్ధతి అరబ్బీకి చాలా ముందుది. దానికితోడు మూడు నుంచి పది వరకు ఉన్న వాటికి ఒక రూపం, అంతకు మించితే మరొకటి అనే తేడా ఉండేది. షహ్ర్ (నెల) మాటకు ఇది నేటికీ బతికే ఉంది: మూడు నెలలంటే అష్‌హుర్, లెక్క చెప్పకుండా నెలలంటే షుహూర్. మిగతా చాలా మాటల్లో ఈ తేడా చెరిగిపోయి, రెండిట్లో ఏదో ఒకటి మిగిలింది. అందుకే ఏది మిగిలిందో ఊహించడం కష్టం.

బస్రాలో చదువుకున్న వ్యాకర్త సీబవైహి (796 ప్రాంతంలో మరణం) తన 'అల్-కితాబ్'లో ఈ చిక్కును ఏకవచనం వైపు నుంచి విప్పాడు. ఫలానా ఆకారంలో ఉన్న నామం తక్కువ సంఖ్యకు ఏమవుతుంది, ఎక్కువ సంఖ్యకు ఏమవుతుంది అని వరసగా చూపించాడు. తర్వాతి కాలంలో ఇబ్న్ మాలిక్ (1274లో మరణం) దాదాపు వెయ్యి పద్యాల 'అల్ఫియ్యా'లో దీన్ని తిరగేశాడు: బహువచన మూసను ముందు చెప్పి, దాని కింద మాటలు చేర్చాడు. కంఠస్థానికి అది అనువే. కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో మాత్రం ముందుగా ఉండేది ఏకవచనమే కదా! పాఠ్యపుస్తకాల్లో బహువచన మూసల పట్టికలు చూసినప్పుడల్లా నాకు సీబవైహి పద్ధతే మేలనిపిస్తుంది.

1990లో మెకార్తీ, ప్రిన్స్ అనే ఇద్దరు భాషావేత్తలు రాసిన వ్యాసం కూడా ఏకవచనాన్నే పట్టుకుంది. చాలా మూసల్లో ఒక హ్రస్వం, వెంటనే ఒక దీర్ఘం అనే లయ ఉందని వాళ్ళు చూపించారు. నాలుగు హల్లుల మాటల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. సుల్తాన్ తీసుకోండి: హల్లులు స, ల, త, న. మొదటిదానికి 'అ', రెండోదానికి 'ఆ', మూడోదానికి 'ఇ' పెట్టాలి. ఏకవచనం చివర దీర్ఘం ఉంటే ఆ 'ఇ' కూడా 'ఈ' అవుతుంది. సుల్తాన్ సలాతీన్, మిఫ్తాహ్ (తాళంచెవి) మఫాతీహ్. హ్రస్వమున్న మక్తబ్ మకాతిబ్, దఫ్తర్ దఫాతిర్. ఐదో హల్లు ఉంటే ఒకటి రాలిపోతుంది: పర్షియన్ నుంచి వచ్చిన బర్నామజ్‌లో నకారం పోయి బరామిజ్ అయింది. బయటినుంచి వచ్చిన మాటలు సైతం లొంగాయంటే ఇది బతికున్న సూత్రమే.

కాబట్టి నేర్చుకోవడం నాలుగు హల్లులతో మొదలుపెట్టాలి. 'మ'తో మొదలయ్యే స్థలాల, పనిముట్ల పేర్లన్నీ దాదాపుగా ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి. తర్వాత వజీర్, ఫకీర్, అమీర్ లాంటి మనుషుల పేర్లు వుజరా, ఫుకరా, ఉమరా అవుతాయని గుర్తుపెట్టుకోవాలి. తబీబ్‌లా చివరి రెండు హల్లులూ ఒకటే అయితే మాత్రం అతిబ్బా. ఇక మూడు హల్లులవి. కలమ్, వలద్, సబబ్ లాంటివి చాలావరకు అక్లామ్, అవ్లాద్, అస్బాబ్ దారి పడతాయి. జబల్ (కొండ) జిబాల్ అయి మొరాయిస్తుంది. కల్బ్, బైత్ లాంటి వాటి దగ్గర మాత్రం ఊహ పనిచేయదు. ఏకవచన బహువచనాలను జంటగా, పైకి చదువుతూ నేర్చుకోవాల్సిందే.

జంటగా రాసుకున్నా అర్థం పక్కన రాయకపోతే బోల్తాపడే చోట్లున్నాయి. బైత్ అంటే ఇల్లు, కవితలో చరణం కూడా. ఇళ్ళయితే బుయూత్, చరణాలయితే అబ్యాత్. ఐన్ కళ్ళయితే ఉయూన్, ఊరి పెద్దలయితే అయాన్. హాన్స్ వెహర్ నిఘంటువులో ఏకవచనం పక్కనే బహువచనం ఇస్తారు. ఇలాంటి మాటలకు రెండు రూపాలు కనబడితే ఏది ఏ అర్థానికో అక్కడే చూసి రాసుకోవాలి.